ఓపీ చీటీ అంటే తెలియని వాళ్లకు ఒక పోర్ట్‌ఫోలియో

విదేశాల్లో పైచదువు అనగానే మన ఇళ్లలో మాటలన్నీ జీఆర్‌ఈ మార్కులు, ఇంగ్లిషు పరీక్ష, బ్యాంకు లోను చుట్టూ తిరుగుతాయి. డిజైన్ చదివిన పిల్లలకు వీటన్నిటికంటే ముందు ఇంకో గడప ఉంది. స్వీడన్‌లోని ఉమెయో డిజైన్ ఇన్‌స్టిట్యూట్, లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్, ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయం లాంటి చోట్ల డిజైన్ మాస్టర్స్‌కు దరఖాస్తు పెడితే పోర్ట్‌ఫోలియో అడుగుతారు. చేసిన పనుల్లోంచి కొన్నిటిని ఎంచి, బొమ్మలతోనూ కొద్దిపాటి మాటలతోనూ పేర్చిన పాతిక ముప్పై పేజీల పీడీఎఫ్ అది. పిల్లలు దాన్ని డెక్ అంటారు. డిగ్రీలో ఎన్ని మార్కులొచ్చాయో తెలుసుకోడానికి మార్కుల జాబితా చాలు. ఈ అమ్మాయి ఒక సమస్యను ఎలా చూస్తుంది, ఎక్కడ తడబడింది, తడబడ్డాక ఏం చేసింది అన్నవి ఆ జాబితాలో దొరకవు. వాటికోసమే డెక్ తెరుస్తారు.

తెరిచేది ఆ విభాగంలో పాఠాలు చెప్పే మనిషి. యూరప్‌లో చాలా కోర్సులకు దరఖాస్తు గడువు డిసెంబరు, జనవరి నెలల్లో ముగుస్తుంది. గడువు దాటగానే ఆ అధ్యాపకుల ముందు ఇలాంటి ఫైళ్లు బారులు తీరతాయి. ఒక్కోదానికి దక్కేది కొన్ని నిమిషాలు. బాగుందనిపిస్తే వెనక్కొచ్చి మళ్లీ చూస్తారు, లేదంటే తర్వాతి ఫైలు తెరుస్తారు. మన దగ్గర జ్యూరీలో అయితే పక్కన నిలబడి నోటితో వివరించవచ్చు, ప్రశ్నకు జవాబివ్వవచ్చు. ఇక్కడ పేజీ ఒక్కటే మాట్లాడాలి.

ఈ రంగంలో పనిచేస్తూ, దసరా సెలవులు మొదలుకొని సంక్రాంతి దాకా ఇలాంటి డెక్‌లు చూసి పెట్టమనే పిల్లలతో కూర్చోవడం నాకు అలవాటు. బొమ్మలు గీయడం చేతకాకపోవడం వల్ల పాడైన డెక్‌లు వాటిలో తక్కువ. చదివే మనిషికి ఏది తెలుసు, ఏది తెలియదు అన్న లెక్క తప్పడం వల్ల పాడైనవే ఎక్కువ. అవతలి మనిషికి అప్పటికే తెలిసిన సిద్ధాంతాన్ని నాలుగు పేజీలు చెబుతారు. తెలియని మన ఊరి సంగతిని ఒక్క ముక్కలో దాటేస్తారు.

ఇదెలా ఉంటుందో చూడాలంటే ఒక ప్రాజెక్టును పట్టుకుని పేజీ పేజీ విప్పాలి. అందుకోసం నేను చూసిన పలు డెక్‌లలోని సంగతులు కలిపి ఒక ఉదాహరణ అల్లుతున్నాను. విజయవాడ వైపు అమ్మాయి, కమ్యూనికేషన్ డిజైన్ ఆఖరు సంవత్సరం. ఇంటరాక్షన్ డిజైన్‌లో మాస్టర్స్‌కు వెళ్లాలని ఉంది. తన డెక్‌లో ముఖ్యమైన ప్రాజెక్టు, ఒక జిల్లా ఆసుపత్రిలో ఓపీకి వచ్చే రోగులకు దారి చూపే బోర్డులు. నలుగురు కలిసి ఒక సెమిస్టరు చేసిన పని.

మొదట తెచ్చినప్పుడు ఆ ఒక్క ప్రాజెక్టే 14 పేజీలుంది. మొదటి పేజీ నిండా మెరిసిపోయే బోర్డు బొమ్మ. అది నెట్‌లో దొరికే రెడీమేడ్ మాకప్‌లో అతికించినది. వెనకాల గాజు గోడలు, చెక్క నేల. మన జిల్లా ఆసుపత్రిలో అలాంటి వరండా ఎక్కడుంటుంది? రెండో పేజీలో సమస్యను చెప్పే పేరా. మూడో పేజీలో డబుల్ డైమండ్ బొమ్మ, అంటే బ్రిటన్‌లోని డిజైన్ కౌన్సిల్ 2004లో రూపొందించి ప్రచారంలోకి తెచ్చిన రెండు వజ్రాల పటం. డిజైన్ పని ముందు విప్పారి, తర్వాత కుదించుకుని, మళ్లీ విప్పారి కుదించుకుంటుందని చెప్పేది. దాన్ని డిజైన్ అధ్యాపకులకు మనం పరిచయం చేయనక్కరలేదు. ఆ తర్వాత గోడకు అంటించిన రంగు చీటీల ఫొటో, అందులో ఒక్క అక్షరమూ చదవడానికి రాదు. ఆపైన 'రమేశ్, 45, రైతు' అని ఒక ఊహా రోగి పరిచయం, దానికి నెట్‌లోంచి తెచ్చిన ఫొటో. అసలు బోర్డులు 11వ పేజీలో గానీ రావు.

నేను అడిగాను. "ఇందులో నువ్వు చేసిందేంటమ్మా?"

"అన్నీ కలిసే చేశాం సార్."

"ఆసుపత్రికి వెళ్లిందెవరు?"

"నేనూ, ఇంకో అబ్బాయీ. రెండు వారాలు పొద్దున్నే వెళ్లి ఓపీ దగ్గర కూర్చునేవాళ్లం."

"కూర్చుని ఏం చూశారు?"

అక్కడ మొదలైంది అసలు ప్రాజెక్టు. వచ్చినవాళ్లలో బోర్డులు చదివేవాళ్లు తక్కువట. గేటు దగ్గరున్న సెక్యూరిటీ గార్డును అడుగుతారు. అతను చీటీ చూసి, చెయ్యి ఎత్తి, "అదిగో ఆ మూల తిరిగి, రెండో గది" అంటాడు. మూల తిరిగిన చోట బోర్డు ఉండదు, దాటాక ఉంటుంది. ఆ బోర్డు మీద 'రేడియాలజీ' అని తెలుగు లిపిలో రాసి ఉంటుంది. రోగి వెతికేది ఎక్స్‌రే గది. చీటీ మీదేమో గది నంబరు మాత్రమే ఉంటుంది, ఆ నంబరు బోర్డు మీద లేదు. చీటీ ఒక భాష, బోర్డు ఒక భాష, గార్డు చెప్పేది ఇంకో భాష. ఈ సంగతి 14 పేజీల్లో ఎక్కడా లేదు. "ఇది డిజైన్ కాదు కదా సార్, ఊరికే చూసింది" అంది.

ఇంటరాక్షన్ డిజైన్ నేర్పేవాళ్లకు అంతకంటే కావలసింది లేదు. ఊరికే చూసిన ఆ చూపుకే వాళ్లు సీటిస్తారు.

తిరగరాసిన ప్రాజెక్టు ఏడు పేజీలకు వచ్చింది. ఎలా వచ్చిందో చెబుతాను.

మొదటి పేజీ నిండా ఒకే ఒక్క ఫొటో, ఆ మూల మలుపుది. మనుషుల మొహాలు లేవు. పొద్దున్నే రోగులు రాకముందు తీసిన ఖాళీ వరండా. పక్కన రెండు వాక్యాలు. ఏ పని, ఎవరి కోసం, ఎన్నాళ్లు, ఎంతమంది, అందులో తన వంతు ఏమిటి. ఈ ఆఖరు ముక్కను మన పిల్లలు మొహమాటానికి వదిలేస్తారు, లేదా అన్నీ తామే చేసినట్టు రాసుకుంటారు. రెండూ చేటే. 'నలుగురి బృందం. ఆసుపత్రిలో పరిశీలన, గుర్తుల రూపకల్పన, రోగులతో పరీక్ష నావి. బోర్డుల తయారీ మరో ఇద్దరిది' అని సూటిగా రాస్తే దాన్ని ఎవరూ తక్కువగా చూడరు. ఎవరేం చేశారో విడదీసి చెప్పగలగడమే బృందంలో పనిచేయడం తెలుసుననడానికి ఆనవాలు. పైగా ఆ నలుగురిలో ఇద్దరు ఒకే కాలేజీకి దరఖాస్తు పెడితే, ఒకే బొమ్మ రెండు డెక్‌లలో ఇద్దరి పేరుతోనూ కనిపిస్తుంది. ఇది నిజంగా జరుగుతుంది.

రెండో పేజీ అవతలి దేశం మనిషి కోసం. స్వీడన్‌లో కూర్చున్న అధ్యాపకుడికి ఓపీ చీటీ అంటే తెలియదు. పొద్దున ఏడింటికే క్యూ కట్టడం, రోగితో పాటు ఇద్దరు ముగ్గురు బంధువులు రావడం, చీటీ పట్టుకుని కౌంటరు నుంచి డాక్టరు దగ్గరికి, అక్కణ్నుంచి ల్యాబ్‌కి, మళ్లీ డాక్టరు దగ్గరికి, చివరకు మందుల కిటికీ దగ్గరికి తిరగడం ఆయన ఊహకు అందదు. దీన్ని పేరాగా రాస్తే ఎవరూ చదవరు. ఓపీ భవనం నేలపటం ఒకటి గీసి, దాని మీద ఒకే ఒక్క రోగి నడిచిన దారిని ఎర్ర గీతగా చూపింది. ఆగిన ప్రతి చోటా ఒక చుక్క, చుక్క పక్కన నాలుగు మాటలు. మూలలో చీటీ ఫొటో. చీటీ మీద రోగి పేరు, ఫోను నంబరు ఉంటే చెరిపేయాలి. మసకబార్చడం ఒక్కోసారి చాలదు, పూర్తిగా కప్పేయాలి. ఆసుపత్రిలో రోగుల ఫొటోలు వాళ్ల అనుమతి లేకుండా డెక్‌లో పెట్టడం తప్పు. పెట్టకపోతే నష్టమూ లేదు. అవసరమైన చోట ఫొటో చూసి గీతలతో బొమ్మ గీస్తే మొహం పోతుంది, భంగిమ మిగులుతుంది, డ్రాయింగూ కనిపిస్తుంది.

మూడో పేజీ గార్డుది. చెయ్యి ఎత్తి చూపుతున్న గార్డు గీతబొమ్మ, కింద చీటీ, బోర్డు, గార్డు మాట పక్కపక్కన. ఒకే గదికి మూడు పేర్లు. ఇంతకుముందు ఇక్కడే 'వాడుకరుల ఇబ్బందులను అర్థం చేసుకోవడానికి పరిశోధన నిర్వహించడమైనది' అన్న అర్థం వచ్చే ఇంగ్లిషు వాక్యం ఉండేది. ఏ ప్రాజెక్టు కింద అతికించినా సరిపోయే వాక్యమది. ఒక కాప్షన్‌ను పక్క ప్రాజెక్టు కింద పెట్టి చూడండి, అక్కడా సరిపోయిందంటే దాన్ని కొట్టేయవచ్చు. కొత్త కాప్షన్ ఇది: 'జనం బోర్డును చదవలేదు, గార్డును అడిగారు. గార్డు చీటీని చదివాడు. అందుకే చీటీతో మొదలుపెట్టాం.' ఈ మూడు చిన్న వాక్యాల్లో చూసింది ఉంది, దాని నుంచి తీసిన నిర్ణయమూ ఉంది. డెక్ మొత్తంలో మాటలు చేయాల్సిన పని అదే. బొమ్మలో కనిపించేదాన్నే మళ్లీ మాటల్లో చెప్పడం దండగ.

నాలుగో పేజీలో మూడు విఫల ప్రయత్నాలు. నేల మీద రంగు గీతలు వేద్దామన్నారు, జనం గుంపుగా నిలబడితే గీత కనపడదు. పెద్ద నేలపటం గోడకు పెడదామన్నారు, దాని ముందు ఆగిన వాళ్లు 'నేనిప్పుడు ఎక్కడున్నాను' అన్న చోటే చిక్కుకున్నారు. ఒక్కో విభాగానికి ఒక్కో రంగు ఇద్దామన్నారు, రంగులు విడిగా గుర్తుపట్టలేని వాళ్లుంటారు, చీటీని నలుపు తెలుపులో ప్రింటు తీస్తే ఆ రంగే ఉండదు. ఈ మూడింటి స్కెచ్‌లూ నోటు పుస్తకంలోవే, పెన్ను గీతలతో, కొట్టివేతలతో ఉన్నవి ఉన్నట్టే స్కాన్ చేసి పెట్టింది. డెక్ కోసం తర్వాత కంప్యూటర్లో శుభ్రంగా గీసిన 'తొలి స్కెచ్‌లు' ఇట్టే దొరికిపోతాయి. గీత ఎక్కడా వణకదు, ఆలోచన ఎక్కడా మారదు. అనుభవమున్న అధ్యాపకుడు ఆ పేజీ దగ్గరే అనుమానపడతాడు.

ఐదో పేజీ గుర్తుల పరీక్ష. ఇక్కడొక చిన్న సంగతి చెప్పాలి. అమెరికా రవాణా శాఖ కోసం ఏఐజీఏ అనే డిజైనర్ల సంస్థ 1970ల్లో తయారుచేయించిన గుర్తుల సంపుటి ఒకటి ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఉంది. మరుగుదొడ్డి, మెట్లు, లిఫ్టు గుర్తులు ఈ పిల్లలు అందులోంచే తీసుకున్నారు. ఆ మాట పేజీ మీద రాయలేదు. రాయమన్నాను. ప్రపంచమంతా చూసిన గుర్తును మన సొంత బొమ్మలాగా చూపితే, పక్కనున్న సొంత గుర్తుల మీద కూడా నమ్మకం పోతుంది. సొంతంగా గీసినవి ఎక్స్‌రే, రక్తపరీక్ష, మందుల కిటికీ. మందుల కిటికీకి మొదట కల్వం, రోకలి గీశారు, పాశ్చాత్య దేశాల్లో మందుల షాపులకు వాడుకలో ఉన్న గుర్తు. క్యూలో ఉన్న 20 మందికి చూపితే ఎక్కువమంది 'పచ్చడి నూరేది' అన్నారు. మాత్రల పట్టీ గీస్తే దాదాపు అందరూ గుర్తుపట్టారు. పేజీ మీద ఈ రెండు గుర్తులూ పక్కపక్కన, కింద జనం చెప్పిన మాటలు ఇంగ్లిషులో. ఆ 'పచ్చడి' మాట దగ్గర ఏ దేశం మనిషైనా ఆగుతాడు. ఇలాంటి పేజీలో శాతాలు వేయకూడదు. 20 మందిని అడిగి '85 శాతం' అని రాస్తే పెద్ద సర్వే చేసినట్టు నటించినట్టవుతుంది. '20 మందిలో 17 మంది' అంటే సరిపోతుంది.

ఆరో పేజీలో పరిష్కారం. కొత్త చీటీ, మలుపుకు ముందు వేలాడే బోర్డు, ఒకే ఫొటోలో ఒకదాని పక్కన ఒకటి. చీటీ మీద ముద్ర వేసిన గుర్తూ నంబరూ, బోర్డు మీదా అవే గుర్తూ నంబరూ. కంప్యూటర్ మాకప్ తీసేసి, ప్రింటు తీసి అట్టకు అంటించి నిజంగా ఆ వరండాలో రెండు రోజులు వేలాడదీసినప్పటి ఫొటో పెట్టింది. అట్ట కాస్త వంకరగా ఉంది. ఉండనీ. ఆ వంకరే అది నిజమనడానికి రుజువు.

ఏడో పేజీ సగం ఖాళీ. ఏం కాలేదో చెప్పే పేజీ. ఆసుపత్రి ఆ బోర్డులను స్వీకరించలేదు, రెండు రోజుల్లో వృద్ధులను తగినంత మందిని అడగలేదు, రాత్రిపూట కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో చూడలేదు. ఈ పేజీ పెట్టడానికి పిల్లలు భయపడతారు, ఇంట్లోవాళ్లు ఇంకా భయపడతారు. కానీ మాస్టర్స్ కోర్సు రెండేళ్లు దేనికి? ఇంకా తెలియనిదాన్ని తెలుసుకోడానికే కదా. తనకేది తెలియదో తనకే తెలియని విద్యార్థితో ఆ రెండేళ్లు గడపడం అధ్యాపకుడికీ కష్టమే.

మిగతా డెక్ సంగతి త్వరగా ముగిస్తాను. ప్రాజెక్టులు నాలుగైదు చాలు. బలమైనది ముందు, దాని తర్వాతి బలమైనది ఆఖర్న. మధ్యలో వైవిధ్యం ఉండాలి, ఒకటి చేత్తో చేసిన వస్తువు, ఒకటి ఒంటరిగా చేసిన పని, ఒకటి ఇంటర్న్‌షిప్‌లోది. ఇంటర్న్‌షిప్ పని పెట్టే ముందు ఆ కంపెనీ నుంచి అనుమతి మెయిల్ మీద తీసుకోవాలి. రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టి, విడుదల కాని యాప్ తెరలు పెడితే అది చదివే అధ్యాపకుడు 'రేపు మా భాగస్వామి సంస్థ రహస్యాలూ ఇలాగే బయటపెడతాడు' అనుకుంటాడు. మొదటి సంవత్సరం రంగుల చక్రాలు, స్నేహితుడి షాపుకు గీసిన లోగో, టూరులో తీసిన సూర్యాస్తమయాలు అక్కర్లేదు. 'ఫొటోషాప్ 80 శాతం, ఫిగ్మా 90 శాతం' అని నింపిన గీతలు కూడా తీసేయాలి. దేనిలో 80 శాతం? అడోబీ వాళ్లు కూడా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేరు.

ఒకే డెక్‌ను నాలుగు కాలేజీలకు పంపేవాళ్లున్నారు. అక్కడా చదివే మనిషి ఎవరో చూసుకోవాలి. రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్, ఇంపీరియల్ కాలేజ్ కలిసి నడిపే ఇన్నోవేషన్ డిజైన్ ఇంజినీరింగ్ కోర్సుకు పంపేటప్పుడు, వస్తువు ఎలా పనిచేస్తుందో విప్పి చూపే ప్రాజెక్టు ముందుకు రావాలి. మిలాన్ పాలిటెక్నిక్‌లో ప్రొడక్ట్ సర్వీస్ సిస్టమ్ డిజైన్ అనే కోర్సుకైతే ఆసుపత్రి ప్రాజెక్టులో బోర్డుల కంటే చీటీ ప్రయాణానికి ఎక్కువ చోటివ్వాలి. అంటే పేజీలు మార్చేయడం కాదు, వరస మార్చడం, ఒక పేజీ చేర్చడం, ఒకటి తీసేయడం. ప్రతి కాలేజీ వెబ్‌సైట్లో ఎన్ని పేజీలు, ఎన్ని ఎంబీలు, ఏ ఫార్మాటు అన్నది రాసి ఉంటుంది. 20 పేజీలు అంటే 20. ఇరవై ఒకటోది పంపితే కళాతృష్ణ అనుకోరు, చదవడం రాదనుకుంటారు.

ఇక పేజీ తయారీ. డెక్‌ను దాదాపు ఎప్పుడూ ల్యాప్‌టాప్ తెర మీదే చూస్తారు. కాబట్టి అడ్డంగా, 1920 పిక్సెల్‌ల వెడల్పు, 1080 ఎత్తు తీసుకుంటే తెర నిండా కూర్చుంటుంది. చుట్టూ వంద పిక్సెల్‌ల అంచు, లోపల 12 నిలువు వరసల గ్రిడ్. అక్షరాలు మాత్రం మన పిల్లలు మరీ చిన్నవి పెడతారు. పెద్ద మానిటర్ మీద జూమ్ చేసుకుని పనిచేస్తారు కాబట్టి 14 పిక్సెల్‌లు వాళ్లకు పెద్దగానే కనిపిస్తుంది. 13 అంగుళాల ల్యాప్‌టాప్‌లో పేజీ మొత్తం చూస్తే అది చీమల బారు. మామూలు మాటలు 24కి తగ్గకుండా, కాప్షన్లు 20కి తగ్గకుండా ఉంటే కళ్లు చికిలించాల్సిన పని ఉండదు. ఒకే ఫాంటు, రెండు మూడు సైజులు. కంప్యూటర్లో పేజీలన్నిటినీ చిన్న చిన్న బొమ్మలుగా ఒకే తెర మీద పరిచి చూడండి. అన్నీ ఒకేలా, ఒకే బూడిదరంగు ముద్దలా కనిపిస్తే ఎక్కడో ఒక పేజీకి ఒకే పెద్ద బొమ్మ ఇచ్చి మిగతావన్నీ తీసేయాలి.

తెలుగు అక్షరాలున్న ప్రాజెక్టుకు ఒక ప్రత్యేకమైన గండం ఉంది. అడోబీ ఇన్‌డిజైన్‌లో పేజీ కట్టేటప్పుడు మామూలు సెట్టింగులో తెలుగు సరిగ్గా కూర్చోదు. ఒత్తులు కింద చేరకుండా విడిపోయి పక్కన నిలబడతాయి, గుణింతాలు చెదిరిపోతాయి. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో `Adobe World-Ready Paragraph Composer` ఎంచుకుంటే సరవుతుంది. 'రక్తపరీక్ష' అని టైపు చేసి చూడండి. తకారపు ఒత్తు 'క' కింద, షకారపు ఒత్తు ఆ తర్వాతి 'క' కింద చేరి కనిపిస్తే సెట్టింగు పనిచేసినట్టు. 'స్వీడన్‌లో తెలుగెవరికి తెలుసు' అని పిల్లలంటారు. నిజమే కావచ్చు, కానీ తెలుగు బోర్డులు డిజైన్ చేశానని చెప్పుకునే డెక్‌లో తెలుగే విరిగి ఉంటే, ఏ కమిటీలో ఏ తెలుగువాడు కూర్చున్నాడో ఎవరు చెప్పొచ్చారు? తెలుగు వరసల మధ్య జాగా కూడా ఇంగ్లిషు కంటే ఎక్కువ కావాలి. పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లిషుకు సరిపోయిన జాగాలో తెలుగు వరసలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి.

ఫైలు బరువు ఇంకో తలనొప్పి. ఫోనుతో తీసిన ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీలుంటుంది. అలాంటివి పాతిక పెట్టి నేరుగా పీడీఎఫ్ చేస్తే వంద ఎంబీ దాటిపోతుంది. ఫిగ్మా నుంచి తీసినా ఇదే గోల. కాలేజీ వెబ్‌సైటు పది, ఇరవై ఎంబీలకు మించి తీసుకోదు. అప్పుడు గడువు రాత్రి ఏదో ఉచిత వెబ్‌సైట్లో ఫైలును కుదిస్తారు, ఫొటోలన్నీ మచ్చలు మచ్చలుగా తయారవుతాయి. ఫొటోను పేజీలో పెట్టకముందే, అది పేజీ మీద ఎంత వెడల్పులో కనిపిస్తుందో దానికి ఒకటిన్నర, రెండు రెట్లు మించకుండా తగ్గించి, జేపెగ్‌గా దాచుకుంటే ఈ అవస్థ ఉండదు. రంగులు ఆర్‌జీబీలోనే ఉంచాలి. ప్రింటింగ్ ప్రెస్‌కు పంపే సీఎంవైకే పద్ధతిలో తీస్తే తెర మీద నీలాలు, పచ్చలు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి.

యాప్ నడిచే తీరు చూపాలని వీడియో పీడీఎఫ్‌లో ఇరికించేవాళ్లుంటారు. చాలా బ్రౌజర్లలో అది ఆడదు, నల్లటి డబ్బాగా మిగులుతుంది. వీడియోలోంచి నాలుగు ఫ్రేములు వరసగా పేజీ మీద పేర్చి, పక్కన లింకు ఇవ్వడం మేలు. లింకు డ్రైవ్‌లోదైతే `Anyone with the link` అని పెట్టారో లేదో చూసుకోవాలి. లేకపోతే అధ్యాపకుడికి `Request access` అనే తెర వస్తుంది. ఆయన అనుమతి అడిగి రెండు రోజులు ఎదురుచూడడు. తన ఫోనులో, తన అకౌంటులో ఎప్పుడూ తెరుచుకునే లింకు ఎవరికైనా తెరుచుకుంటుందని పిల్లలు నమ్ముతారు. బ్రౌజర్లో ప్రైవేటు విండో తెరిచి, లాగిన్ లేకుండా నొక్కి చూస్తే నిజం తెలుస్తుంది.

పంపే ముందు ఎవరికి చూపాలి? క్లాసులో స్నేహితులకు చూపితే లాభం తక్కువ, వాళ్లకు ప్రాజెక్టు ముందే తెలుసు. మన ఉదాహరణలోని అమ్మాయి డల్లాస్‌లో ఉన్న పెద్దమ్మ కొడుకును పట్టుకుంది. "అన్నయ్యా, మీ ఆఫీసులో ఇండియా ఎప్పుడూ చూడని వాళ్లెవరైనా ఉంటే మూడు నిమిషాలు ఇది చూపించి, ఫైలు మూసేశాక ఏం గుర్తుందో అడిగి చెప్పు" అంది. అన్నయ్య సహోద్యోగి చెప్పింది ఇది. గార్డు గుర్తున్నాడు, పచ్చడి గుర్తుంది, కానీ రోగితో అంతమంది బంధువులు ఎందుకొచ్చారో అర్థం కాలేదు. రెండో పేజీలో ఎర్ర గీత పక్కన ఇంకో సన్న గీత చేరింది, బంధువు నడిచిన దారి. రోగి బెంచీ మీద కూర్చుంటే, చీటీ పట్టుకుని తిరిగేది బంధువే అని ఆ గీత వేస్తుంటేనే ఆమెకు తట్టింది. అంటే బోర్డు చదవాల్సింది రోగి కాదు, హడావిడిలో ఉన్న తోడు మనిషి. అప్పటికే ప్రాజెక్టు అయిపోయి ఆరు నెలలు. ఆ సంగతిని ఏడో పేజీలో, చేయలేకపోయిన వాటి కింద చేర్చింది.

అప్‌లోడ్ అయ్యాక కాలేజీ వెబ్‌సైటు నుంచే ఫైలును తిరిగి దింపుకుని, వేరే కంప్యూటర్లో ఒకసారి, ఫోనులో ఒకసారి తెరిచి చూడాలి. ఫైలు పేరులో `final_final2` లాంటివి లేకుండా, ఇంటిపేరు, పేరు, కోర్సు పేరు ఉంటే చాలు. తర్వాత కొన్ని కాలేజీల నుంచి వీడియో ఇంటర్వ్యూకు పిలుపు వస్తుంది, ఒక ప్రాజెక్టు తెర మీద పెట్టి చెప్పమంటారు. కన్సల్టెన్సీ వాళ్లు కట్టిచ్చిన డెక్‌లు దొరికిపోయేది అక్కడే. "ఈ మూడు ప్రయత్నాల్లో నేల మీద గీతలే ఎందుకు ముందు అనుకున్నారు?" అని అడిగితే నోటు పుస్తకంలో ఆ గీత గీసిన వాళ్లు చెప్పగలరు. ఇంటర్వ్యూకు కూర్చునేటప్పుడు ఆ నోటు పుస్తకం పక్కన పెట్టుకోమని ఆ అమ్మాయికి చెప్పాను. నాలుగో పేజీ దగ్గర ఎవరైనా ఆగితే, స్కాన్‌లో పట్టని మిగతా పేజీలు కెమెరా ముందు తిప్పి చూపొచ్చు.